ఆకుపచ్చ చొక్కా పిల్లోడూ, మా అక్క కూతురూ

నాకు నోటిదురుసు ఎక్కువ. ఈ మాట మా అమ్మ అంటే ఒప్పుకోను గానీ, నాకు నేను చెప్పుకున్నప్పుడు ఒప్పుకుంటాను. ఆ నోటిదురుసుతో నేనన్న ఒక్క మాట పట్టుకుని ఒక పిల్ల దాదాపు ఏడాదిపాటు కడుపు మాడ్చుకుంది. ఆ పిల్ల మా అక్క కూతురు. అప్పటికి దానికి ఏడేళ్లు.

ముందు నా పని సంగతి చెప్పాలి, లేకపోతే ఇదంతా అర్థం కాదు. నేను పిల్లల కార్టూన్లు తయారుచేసే చోట పనిచేస్తాను. హైదరాబాదులో పదకొండేళ్లు చేసి, మోకాళ్ల నొప్పులతో అమ్మ ఒక్కతే చేసుకోలేక అవస్థపడుతుంటే, కంప్యూటరు మూట కట్టుకుని కడపకు వచ్చేశాను. ఇక్కడ మా అద్దె ఇంటి మేడమీద గదిలో కూర్చుని అదే పని చేస్తున్నాను. నా పని పేరు చెకింగ్. వేరేవాళ్లు కదిలించి పంపిన బొమ్మల్ని ఒక్కొక్క షాటూ చూసి, ఎక్కడ తేడా వచ్చిందో పట్టుకుని వెనక్కి పంపడం.

మా కార్టూన్‌లో ఒక పిల్లోడుంటాడు. ఆకుపచ్చ చొక్కా, దానికి ఎడమ పక్క తెల్లజేబు, మామిడిపండు రంగు నిక్కరు, నడినెత్తిన నిక్కబొడుచుకున్న మూడు వెంట్రుకలు, వెంట ఒక మేకపిల్ల. వయసు ఎనిమిదేళ్లు. నేను పనిలో చేరిననాడు ఎనిమిదే, ఈరోజుకీ ఎనిమిదే. వాడి వందల కథలు నా కళ్లముందు నుంచి పోయాయి. వాడు ఎడమకి తిరిగిన బొమ్మనే అద్దంలో లాగా తిప్పేసి కుడివైపుకు వాడుకుంటారు, మళ్లీ గీసే పని లేకుండా. అలా తిప్పినప్పుడు జేబు కూడా అటునుంచి ఇటు దూకేస్తుంది. దాన్ని పట్టుకోవడంలో నన్ను మించినవాళ్లు లేరని స్టూడియోలో పేరు. జేబు దూకితే నాకు కునుకులో కూడా తెలుస్తుందని ఎగతాళి చేసేవాళ్లు. నాకూ అదో గర్వం. ఆ గర్వం సంగతి చివర్లో మీకే తెలుస్తుంది.

మా అక్క నర్సు. బావ కువైట్‌లో డ్రైవరు. అక్కకు కూడా అక్కడే ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. పిల్లకు వీసా కుదరలేదు. రెండేళ్లు ఎంతలో పోతాయిలే అనుకుని, పిల్లను మా దగ్గర వదిలిపెట్టి వెళ్లింది. వెళ్లే ముందు వైవీ స్ట్రీట్ అంగళ్లన్నీ తిరిగి తిరిగి ఒక గులాబీరంగు గౌను కొన్నది. రొమ్ము మీద రెండు సీతాకోకచిలుకలు. మా వైపు పిల్లలకు బట్టలు ఎప్పుడూ రెండు సైజులు పెద్దవే కొంటాం, పెరిగే పిల్లలు కదా అని. ఆ ఒక్క గౌను మాత్రం అక్క సరిగ్గా ఒంటికి సరిపోయేది కొన్నది. అమ్మ అక్కడే అంగట్లో గొణిగింది.

"ఆరు నెల్లకు పొట్టిగైతాది. రవ్వంత పెద్దది తీసుకోగూడదా?"

"ఈపొద్దు ఎట్లుండాదో అట్లనే సూసుకోని పోతానమ్మా," అంది అక్క.

రైలెక్కేటప్పుడు ఆ గౌనులోనే ఉన్న పిల్ల బుగ్గలు పట్టుకుని ఏడుస్తూ అంది. "నేనొచ్చేదంకా ఇట్లే ఉండు తల్లీ. రవ్వంత గూడా మారొద్దు."

ఏ తల్లయినా అనే మాటే. మేమెవ్వరమూ ఆ మాటను పట్టించుకోలేదు. పిల్ల మాత్రం తలూపింది.

కువైట్‌లో శుక్రవారం సెలవు. శుక్రవారం సాయంత్రం పిల్ల బడినుంచి రాగానే వీడియో కాల్. మొదటి వారమే పిల్ల ఆ గౌను వేసుకుని కూర్చుంది. అక్క మురిసిపోయింది. రెండో వారమూ అదే, మూడో వారమూ అదే. "నా బంగారు, అదే గౌను ఏసుకుందే," అని అక్క ప్రతిసారీ అనేది. ఆ మాట కోసం పిల్ల ఎదురుచూసేది. మాకూ ముద్దుగానే ఉండింది.

ఆ ఏడాది ఎండాకాలంలో మా వీధి చివరింటి ఆయన నాలుగేళ్ల తర్వాత కువైట్‌నుంచి వచ్చాడు. ఆయన్ను పిలుచుకురావడానికి వీధి వీధంతా స్టేషనుకు పోయినంత పని చేసింది. పిల్లనూ నేను తీసుకుపోయాను, రైలు చూస్తుందని. ఆయన దిగీ దిగగానే చేతులు చాపుకుని పరిగెత్తి, చిన్న కూతుర్ని ఎత్తుకుని పెద్ద కూతురి పేరు పెట్టి పిలిచాడు. పెద్దది పక్కనే నిలబడి ఉంది, తల్లి భుజం దాకా ఎదిగి. అందరూ పగలబడి నవ్వారు. ఆయనా నవ్వాడు, కళ్లు తుడుచుకుంటూ. పెద్దపిల్ల కోసం తెచ్చిన బట్టలన్నీ చిన్నదానికే సరిపోయాయని వారం రోజులు వీధిలో అదే ముచ్చట. మా పిల్ల మాత్రం స్టేషనులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, గోళ్లు దిగేటట్టు. నేను రైలు కూతకు భయపడిందనుకున్నాను.

ఆ తర్వాత ఒక వారానికి కాబోలు, నేను నా నోటిదురుసు చూపించాను.

పిల్ల నా గదిలో నేలమీద కూర్చుని ఫోనులో మా పిల్లోడి కథే చూస్తోంది. నాకు ఆరోజు సాయంత్రంలోగా ఒక కథ మొత్తం చూసి పంపాలి. తల పగిలిపోతోంది.

"చిన్నమ్మా, వీనికెప్పుడూ ఎనిమిదేండ్లేనా?"

"ఊఁ."

"నేను ఎల్‌కేజీలో ఉన్నెప్పుడు గూడా వీడు ఇదే చొక్కా ఏసుకోనుండె. వీడేమిటికి పెరగడు?"

"వాడు చొక్కా మార్చడు గదా. అన్నం గూడా తినడు. తిన్నెట్ల కనపడతాడు గానీ ఉత్తుత్తిదే. నిండు పళ్లెం చూపిస్తాం, మళ్లీ ఖాళీ పళ్లెం చూపిస్తాం. నడమ తినేది ఉండదు. తినక, చొక్కా మార్చక ఉంటే యాడ పెరుగుతాడు? పో, కిందికి పోయి అవ్వ దగ్గర సంగటి తిను పో, నన్ను సంపొద్దు."

ఇందులో పళ్లెం సంగతి నిజమే. నమలడం, మింగడం కదిలించి చూపాలంటే చాకిరీ ఎక్కువ, అందుకని చాలాసార్లు ఎగరేస్తాం. మిగతాది వెటకారం. ఏడేళ్ల పిల్లకు వెటకారమేంటి, నా మొహం! అది లేచి బుద్ధిగా కిందికి పోయింది. నేను మళ్లీ జేబులు వెతుక్కున్నాను.

ఆ వేసవి నుంచే మా మేడ మీదికి కాకులు రావడం మొదలైంది. మధ్యాహ్నం అయ్యేసరికి నీళ్ల ట్యాంకు మీద బారులు తీరి కూర్చునేవి. అమ్మకు పట్టరాని సంతోషం. మా నాయన పోయి మూడేళ్లయింది, ఆయన పెద్దకర్మ రోజున పిండం ముట్టడానికి కాకి ఒక పట్టాన రాలేదు, అమ్మకు ఆ దిగులు అలాగే ఉండిపోయింది.

"ఇప్పుడొచ్చినాడు సూడు మీ నాయన. రోజూ మధ్యాన్నానికి తప్పకుండా వస్తాండాడు," అని చేతులు జోడించేది. మోకాళ్లు నొప్పిపెడుతున్నా మెట్లెక్కి రెండు ముద్దలు అన్నం పెట్టి వచ్చేది. నాకు నవ్వొచ్చినా, పోనీలే, ఆమె తృప్తి ఆమెది అనుకున్నాను.

మరోపక్క గౌను బిగుసుకుంటోంది. పిల్ల ఎంత మాడ్చుకున్నా కొంత పెరగనే పెరుగుతుంది కదా, పైగా వారం వారం ఉతికి ఉతికి గౌను కూడా ముడుచుకుపోయింది. శుక్రవారం సాయంత్రం ఆ గౌనులోకి దూరడానికి ఊపిరి బిగబట్టేది. వేరేది వేసుకోమంటే ఏడుపు, ఏడుపంటే మామూలు ఏడుపు కాదు, గోడకు తల కొట్టుకునేంత. ఫోనులో అక్క ఎదురుచూస్తుంటుంది. ఏం చేయను? చంకల కింద కుట్లు విప్పాను. తర్వాత వీపు వైపు జిప్పు తీసేసి, రెండు పక్కలా పిన్నీసులు పెట్టాను. ముందునుంచి చూస్తే గౌను గౌనులాగే ఉంటుంది, వెనక వీపంతా బట్టబయలు. కింద మోకాళ్ల పైకి వచ్చేసింది కాబట్టి ఫోనును దగ్గరగా పెట్టి, తలా భుజాలూ మాత్రమే కనపడేటట్టు కూర్చోబెట్టేదాన్ని. మా పనిలో ఇది రోజూ చేసేదే. కాళ్లు కదిలించే పని తప్పించుకోవాలంటే బొమ్మను నడుము దాకానే చూపిస్తాం. అదే ఉపాయాన్ని మా అక్క మీద వాడాను. చాలా తెలివిగా చేస్తున్నాననుకున్నాను.

పళ్లు మాత్రం ఎవరి మాటా వినలేదు. ముందు పళ్లు రెండూ ఊడిపోయాయి. ఆ శుక్రవారం నుంచి పిల్ల నోరు మూసుకునే నవ్వేది, అడిగినదానికి తలతోనే జవాబిచ్చేది. "ఏందమ్మీ, నా మీద అలిగినావా?" అని అక్క అడిగితే లేదని తలాడించేది. "సిగ్గులే, పెద్దదైతాంది గదా," అన్నాను నేను. ఆ మాటకు పిల్ల నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. నేనేదో బూతు మాట అన్నట్టు చూసింది.

బడిలో ప్రార్థన సమయంలో ఎండలో నిలబడి కుప్పకూలిపోయిందని ఫోనొస్తే, ఆటో కట్టించుకుని పరిగెత్తాను. డాక్టరమ్మ బరువు చూసింది, ఎత్తు కొలిచింది, కింది రెప్ప లాగి చూసింది. రక్తం తక్కువగా ఉంది, వయసుకు తగ్గ బరువు లేదు, ఎత్తు కూడా ఎదగాల్సినంత ఎదగలేదు అంది. "ఈ పిల్ల ఏం తింటోంది ఇంట్లో?" అని నన్ను అడిగింది. అడగడం కాదు, కడిగింది. మేం పెట్టేవన్నీ చెప్పాను. పొద్దున బొరుగుల ఉగ్గాని, మధ్యాహ్నం డబ్బాలో అన్నం పప్పు, రాత్రికి సంగటి, చెనక్కాయల ఊరుబిండి పచ్చడి. సెలవుల్లో మధ్యాహ్నం పళ్లెం పట్టుకుని మేడ మీద నీడలో కూర్చుని తింటానంటుంది, తిని ఖాళీ పళ్లెం తెస్తుంది.

ఖాళీ పళ్లెం అనే మాట నా నోట్లోంచి వచ్చాక గానీ, ఆరోజు పిల్లతో నేనన్న పళ్లెం మాట గుర్తుకు రాలేదు.

ఆటోలో తిరిగి వస్తూ మెల్లగా అడిగాను. కోప్పడనని ఒట్టు వేశాను. బడిలో డబ్బా కుక్కలకు, ఇంట్లో ఉన్నప్పుడు ట్యాంకు వెనక కాకులకు. రాత్రి అవ్వ పక్కన కూర్చుంటుంది కాబట్టి తప్పక నాలుగు ముద్దలు. "ఏమిటికే తల్లీ?" అని అడిగాను. చాలా మామూలుగా చెప్పింది.

"నువ్వే చెప్పినావు గదా చిన్నమ్మా. తినక, చొక్కా మార్చక ఉంటే పెరగరని. నేను పెరిగితే అమ్మ దిగంగానే వేరే పిల్లను ఎత్తుకుంటాది."

నేను ఆటోలోనే ఏడ్చాను. డ్రైవరు అద్దంలో చూసి, "ఏంకాదులేమ్మా, పిల్లోళ్లకు జరాలు మామూలే," అన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్తే ఆమె కాసేపు ట్యాంకు వైపే చూస్తూ కూర్చుంది. "అయితే మీ నాయన రాలేదా?" అంది. ఆ సంగతి కూడా నా నోటితోనే చెప్పాల్సి వచ్చింది.

మరుసటిరోజు పిల్లను బడి మాన్పించి, కంప్యూటరు ముందు నా ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అబద్ధం చెప్పి పాడుచేశాను కాబట్టి నిజం చెప్పి బాగుచేద్దామని నా ఆలోచన. ముందుగా మా పిల్లోడి మోడల్ షీటు తెరిచాను. ఒకే కాగితం మీద వాడు ఎదురుగా, ఓరగా, పక్కనుంచి, వెనకనుంచి నిలబడి ఉంటాడు. తల ఎంత, తలకు ఒళ్లు ఎన్నింతలు, మేకపిల్ల వాడి నిక్కరు దాకా వస్తుందా, జేబు దాకా వస్తుందా, అన్నీ గీతలు గీసి ఉంటాయి. ఆకుపచ్చ అంటే ఏ ఆకుపచ్చో దాని నంబరు రాసి ఉంటుంది. వాణ్ణి గీసే, కదిలించే ప్రతివాళ్లూ ఈ షీటు పక్కన పెట్టుకోవాలి.

"వాణ్ణి చేసేదానికి అంతమంది ఏమిటికి?" అంది.

"ఒక్కరు చేస్తే ఏళ్లు పడుతుంది గదా. ఒక కథ ఈ ఊళ్లో, ఇంకో కథ ఇంకో ఊళ్లో, అన్నీ ఒకేసారి చేస్తాంటారు. ఒకరినొకరు చూసిందే ఉండదు. వాడు అందరి దగ్గరా ఒక్క మాదిరే ఉండాల. ఒకరు చొక్కా మార్చినారనుకో, తలుపు తీసేది ఎర్ర చొక్కా, లోపలికొచ్చేది పచ్చ చొక్కా ఐతాది."

నవ్వింది. నోరు తెరిచే నవ్వింది, బోసినోటితో. నాకు ధైర్యం వచ్చింది.

పిల్లోడి బొమ్మను ముక్కలుగా విడదీసి చూపించాను. ఇప్పుడు మేం ప్రతి బొమ్మా కొత్తగా గీయం. జబ్బ ఒక ముక్క, మోచెయ్యి కింద ఒక ముక్క, అరచెయ్యి, తల, మూసే రెప్పలు, అ అనే నోరు, ఉ అనే నోరు, అన్నీ విడివిడిగా ఉంటాయి. కీళ్ల దగ్గర తగిలించి ఆడిస్తాం. నడక ఒకసారి చేసిపెట్టుకుంటే వందసార్లు వాడుకుంటాం, పరుగూ అంతే, నవ్వూ అంతే. కాగితాల మీద గీసే కాలంలోనైతే సెకనుకు పన్నెండు బొమ్మలు. అప్పుడు చొక్కాకు చారలుంటే ఆ చారలన్నీ ప్రతి బొమ్మకూ గీయాలి కాబట్టి చారల్లేని చొక్కా తొడిగేవాళ్లు. ఇప్పుడు వాడికి కొత్త చొక్కా తొడగాలంటే ముక్కలన్నీ మళ్లీ చేయాలి, దాచిపెట్టుకున్న నడకలూ పరుగులూ పనికిరావు. వానకోటు కథ ఒకటి చేయడానికి ఎంతమంది ఎంత తన్నుకున్నారో చెప్పాను.

"చొక్కా ఇప్పి సూపీ," అంది.

"ఇప్పేదానికి రాదే. సూడు." చొక్కా ముక్కను దాచేశాను. తల గాలిలో, చేతులు గాలిలో, కింద నిక్కరు. మధ్యలో ఏమీ లేదు.

పిల్ల వెనక్కి జరిగింది. "కడుపు లేదా వీనికి?"

"లేదు. చొక్కానే వాని ఒళ్లు. కడుపు లేనోడు ఏం తింటాడు? నీకు కడుపుండాది గదా."

తన కడుపు తడిమి చూసుకుంది. చాలా ఆలోచిస్తోందని తెలుస్తోంది. నేను ఊపు మీదున్నాను, చెప్పుకుంటూ పోయాను. టీవీవాళ్లు మా కథల్ని వరుసగా వేయరు, మొదటి కథ తర్వాత మూడువందలవది వేస్తారు, మళ్లీ వెనక్కి పోతారు. వాడు కథకింత పెరిగితే పొద్దున మీసాలొచ్చి సాయంత్రానికి పాలపళ్లతో ఉంటాడు. అందుకే ప్రతి కథా చివరకి అన్నీ మొదట్లో ఎలా ఉన్నాయో అలాగే అయిపోవాలి, విరిగిన కుండ కూడా అతుక్కోవాలి. నిన్నటిది వాడికి గుర్తుండదు. వాడి గొంతు కూడా పిల్లోడిది కాదు, పెద్ద ఆడమనిషి మాట్లాడుతుంది, నిజం పిల్లోడైతే రెండేళ్లలో గొంతు బొంగురుపోతుందని. చూసే పిల్లలు పెరిగి మానేస్తారు, వాళ్ల వెనక మళ్లీ చిన్నపిల్లలు వస్తారు, వచ్చేవాళ్లకు ఎప్పుడూ వాళ్ల ఈడువాడే కావాలి.

"వాళ్లమ్మ ఊరికి పోతే?"

"పోదు. పోయినా పదకొండు నిమిషాల్లో వచ్చేస్తాది. కథ అంతే ఉంటాది."

"మాయమ్మ పోయి ఎన్ని నిమిషాలైంది?"

గబగబా మాట మార్చాను. మార్చబోయి అసలు కారణం చెప్పేశాను, మా పనిలో అందరికన్నా ముందు నేర్పే కారణం. వాణ్ణి చూసేవాళ్లు మూడేళ్ల పిల్లలు కూడా ఉంటారు. వాళ్లకు ముక్కూ మొహం అంతగా గుర్తుండవు. ఆకుపచ్చ చొక్కా, మూడు వెంట్రుకలు కనపడితే చాలు, వాడే అని తెలిసిపోవాలి. దూరంనుంచి కనపడినా, చిన్న ఫోనులో కనపడినా, నల్లటి నీడగా కనపడినా, బడిసంచీ మీద అచ్చేసినా. చూసీ చూడగానే గుర్తుపట్టాలి, అందుకే మార్చరు.

పిల్ల నా ఒళ్లోంచి దిగింది.

"నేనూ అందుకే గదా మారనిది," అంది. "ఫోనులో చిన్నగా కనపడతా గదా చిన్నమ్మా. వారానికొకసారే గదా."

అంత చదువుకున్నదాన్ని, పదకొండేళ్లకు పైగా ఆ పనిలోనే ఉన్నదాన్ని, మోడల్ షీటు మూసేశాను. నిజం చెప్పి బాగుచేద్దామనుకున్నాను, నిజమంతా దాని పక్షానే నిలబడింది. ఆ రాత్రి పిల్ల ఆ నాలుగు ముద్దలు కూడా తినలేదు. అమ్మ బతిమాలింది, నేను అరిచాను, తర్వాత నా అరుపుకు నాకే అసహ్యమేసింది.

శుక్రవారం వచ్చింది. పిల్ల గౌను కోసం బీరువా తెరిస్తే గౌను లేదు, నేనే దాచేశాను. ఉతకడానికి వేశానని చెప్పి, అమ్మ రెండు సైజులు పెద్దది కొనిపెట్టిన నీలం పరికిణీ తొడిగాను. ఏడ్చింది, కొరికింది. నా చేతిమీద ఆ పళ్ల గుర్తు రెండు రోజులుంది, ముందు రెండు పళ్ల చోట ఖాళీతో సహా. ఫోనును ఈసారి కిటికీలో దూరంగా పెట్టాను, గుమ్మం మొత్తం కనపడేటట్టు. పిల్లను గుమ్మంలో నిలబెట్టాను. తలనుంచి కాళ్ల దాకా, దాచేదేమీ లేకుండా.

అక్క ఫోనులోకి వచ్చింది. ఎప్పట్లాగే నవ్వుతూ మొదలుపెట్టి ఆగిపోయింది. పిల్ల గుమ్మం చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"ఇంత సన్నగైందేమే?" అంది అక్క నాతో. "ఏడాదిగా నాకేం సూపిస్తాండావు నువ్వు?"

అప్పుడు చెప్పాను. స్టేషను సంగతి, నా వెటకారం, కాకులు, పిన్నీసులు, ఫోనును దగ్గరగా పెట్టడం, అన్నీ. అక్క తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "ఒక్క నిమిషం ఉండండి," అని లేచిపోయింది. తెరమీద ఖాళీ గోడ, ఒక ఇనప మంచం అంచు.

"పోయింది," అంది పిల్ల. "గుర్తుపట్టల్యా."

నేను వెళ్లి పట్టుకోబోతే విదిలించుకుంది. ఆ రెండు మూడు నిమిషాలు నా బతుకులో ఎంత సేపున్నాయో చెప్పలేను.

అక్క తిరిగొచ్చినప్పుడు ఒంటిమీద ఆసుపత్రి బట్టలున్నాయి. ముతక నీలం చొక్కా, ప్యాంటు. కళ్లద్దాలు. ఎప్పుడూ చెవుల దాకా కప్పుకునే చున్నీ లేదు, జుట్టు మెడదాకా కత్తిరించేసి ఉంది, పాపిటకు అటూ ఇటూ తెల్లగా.

"నేనిట్లుండా అమ్మీ," అంది. "రోజూ ఇట్లే ఉంటా. శుక్రారం మాత్రం ఆ పచ్చ చుడీదారు ఏసుకోని కూచుంటా. రైలెక్కిన పొద్దు ఏసుకున్నెది అదే గదా. నువ్వు మర్చిపోతావేమో అని."

పచ్చ చుడీదారు. ఏడాది పైచిలుకు, ప్రతి శుక్రవారం, అదే చుడీదారు, అదే చున్నీ, భుజాల దాకానే కనపడే అదే ఫోను. జేబు ఎడమనుంచి కుడికి దూకితే నిద్రలో పట్టుకునేదాన్ని నేను. ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

పిల్ల గుమ్మం వదిలి మెల్లగా ఫోను దగ్గరికి వచ్చింది. కిటికీ చువ్వలు పట్టుకుని, తెరకు ముక్కు ఆనించేంత దగ్గరగా చూసింది.

"అమ్మా, తలంతా తెల్లగైంది."

"ఔ."

"నువ్వు గూడా పెరిగినావా?"

"పెరిగినా తల్లీ. శానా పెరిగినా." అక్క ఏడుస్తోంది, దాచుకోకుండా. "నన్ను గుర్తుపట్టినావు గదా?"

పిల్ల తలూపి, ఊడిన పళ్ల చోట నాలుక పెట్టి చూపించింది.

అక్కడితో అన్నీ సర్దుకున్నాయని రాస్తే అది మా కార్టూన్ కథ అవుతుంది. సర్దుకోలేదు. తినడం అలవాటు తప్పిన కడుపు కదా, నాలుగు ముద్దలు ఎక్కువ పెడితే వాంతులు. డాక్టరమ్మ దగ్గరికి నెలకొకసారి తిరుగుతున్నాం. అక్క ఇప్పటికీ నాతో మునుపటిలా మాట్లాడదు, పిల్ల సంగతులు అడిగి ఫోను అమ్మకు ఇమ్మంటుంది. సెలవు ఎప్పుడిస్తారో ఆమెకే తెలియదు. మేడ మీద కాకులు రావడం తగ్గిపోయింది. అమ్మ మాత్రం మధ్యాహ్నం ఒక ముద్ద పెట్టి, ఎండలో నిలబడి కాసేపు చూసి వస్తుంది.

నిన్న శుక్రవారం. ఎత్తు చూపించాలని అక్క అడిగింది. మా గుమ్మం చెక్కకు పెన్సిలు గీతలున్నాయి, అక్క వెళ్లకముందు నుంచీ పిల్ల పుట్టినరోజుకొకటి. నిరుటి గీత దగ్గర పిల్లను నిలబెట్టి, తలమీద స్కేలు పెట్టబోతే అది ఆ గీతకు చాలా పైకి వచ్చింది. అనుమానమొచ్చి కిందికి చూశాను. మునివేళ్ల మీద నిలబడి ఉంది.

"మడమలు దించు."

"అమ్మ సూస్తాంది గదా చిన్నమ్మా. రవ్వంత ఎక్కువ పెట్టు."

ఫోనులోంచి అక్క మమ్మల్ని చూస్తోంది. నేను వంగి, రెండు చేతులతో దాని మడమలు పట్టుకుని నేలకు దించాను. తర్వాత స్కేలు పెట్టి, ఉన్నచోటనే గీత గీశాను. నిరుటి గీతకు అది సగం వేలు కూడా పైన లేదు.